ఓడదొంగల కథకి పేర్లు కావాలి (నల్లగడ్డం, ఒంటికన్ను కాకుండా)

పెరంబూరు పద్మ
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు పిల్లలకి ఆదివారం సాయంత్రాలు టెర్రస్ మీద ఒక సీరియల్ కథ చదువుతున్నాను, రాసేది కూడా నేనే. ఓడదొంగల సాహస కథ. కాలం 1690ల చివర, చోటు మన తీరమే, బందరులో బయల్దేరి పులికాట్ మీదుగా మద్రాసు దాకా వస్తుంది ఓడ. ఓడ పేరు గంగాభవాని. కథ బాగానే నడుస్తోంది కానీ మనుషుల పేర్లు మాత్రం అస్సలు కుదరట్లేదు. ఇప్పటిదాకా ఉన్నవి ఇవి: నల్లగడ్డం నాగయ్య (కెప్టెన్), ఒంటికన్ను నరసయ్య (ఫిరంగి పేల్చేవాడు), కొయ్యకాలు నారాయణ (వంటవాడు), గద్దముక్కు నూకరాజు (చుక్కాని పట్టేవాడు). పైన కాపలా చూసేవాడికీ, ఓడలో ఉండే చిన్న పిల్లాడికీ, ఒక పరదేశి నావికుడికీ ఇంకా పేర్లే లేవు.

పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, స్కూల్లో తమిళం, ఇంగ్లీషు. వింటారు, చదవడం తక్కువ. నవ్వించే పేర్లు కావాలి, కొంచెం ఉప్పుగాలి వాసన కొట్టాలి. పనిలో పనిగా ఓడవాళ్ళు తిట్టుకునే తిట్లు కూడా ఉంటే పడేయండి, పిల్లల ముందు చదవగలిగేవి మాత్రమే.

తిరువొత్తియూర్ తిమ్మడు
ఎండు నెత్తళ్ళ వీర్రాజు. ఉప్పుచేప ఉగ్రనరసింహం. పీత పీరయ్య, ఎందుకంటే పక్కకి నడుస్తాడు. ఇంకో ఇరవై కావాలంటే టీ తాగొచ్చి రాస్తా.

అడయారు అనిల్
పద్మగారూ, అసలు ఓడదొంగల పేర్లన్నీ ఊళ్ళ నుంచే వచ్చాయండి. కాలికో జాక్ అని ఒకడున్నాడు చూడండి, వాడు మన కాలికట్ వాడు, అందుకే ఆ పేరు. కాబట్టి మీరు కూడా ఊరి పేరు ముందు పెట్టేయండి: బందరు బాలయ్య, భీమిలి భూషణం, కాకినాడ కామరాజు. పని అయిపోతుంది.

రాయపురం బోసన్
అనిల్ గారూ, సగం దారి వెళ్ళి ఆగిపోయారు. కాలికో గుడ్డకి ఆ పేరు వచ్చింది కాలికట్ నుంచే, అది నిజం. జాక్ రాకమ్ మాత్రం ఇంగ్లీషువాడు, కరీబియన్‌లో తిరిగి 1720లో జమైకాలో ఉరికంబం ఎక్కినవాడు, మన తీరంతో సంబంధం లేదు. కాలికో బట్టలు వేసుకు తిరిగేవాడని ఆ పేరు. అంటే పేరు ఊరి నుంచి రాలేదు, ఒంటిమీది బట్ట నుంచి వచ్చింది. పద్మగారికి పనికొచ్చేది కూడా అదే. బందరు అంటే కలంకారీ ఊరు కదా, కలంకారీ కన్నయ్య అని ఒకణ్ణి పెట్టండి, దోచిన అద్దకం గుడ్డలన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఎండలో చెమటలు కక్కుతూ తిరుగుతాడు. పేరు వినగానే మనిషి కనపడతాడు.

నేను సరుకు ఓడల మీద బోసన్‌గా, అంటే డెక్ మీద పనిచేసే నావికులకి పెద్దగా పనిచేసి రిటైరయ్యాను. ఒక మాట ఖాయంగా చెప్తాను, ఓడలో ఎవడూ తన పేరు తాను పెట్టుకోడు. పక్కవాళ్ళు పెడతారు, అదీ ఏదో ఒకటి జరిగాక. మీ జాబితాలో పేర్లన్నీ అద్దంలో మొహం చూసి పెట్టినట్టున్నాయి. గడ్డం, కన్ను, కాలు, ముక్కు. ఒక్కదాని వెనకాల కూడా కథ లేదు. బ్లాక్‌బియర్డ్ అన్న పేరు కూడా ఒట్టి గడ్డంతో నిలబడలేదు, యుద్ధంలో టోపీ కింద నిప్పు వత్తులు అంటించుకుని పొగలోంచి వచ్చేవాడని చెప్తారు, అందుకు గుర్తుండిపోయాడు.

టీనగర్ టీచరమ్మ
పద్మా, నాకు ఇంకో ఇబ్బంది కనిపిస్తోంది. నాగయ్య, నరసయ్య, నారాయణ, నూకరాజు. నాలుగూ ‘న’తోనే. చదివే పిల్లలకే తికమక అంటే, నువ్వేమో చదివి వినిపిస్తున్నావు. క్లాసులో నేను కథ చెప్పేటప్పుడు ప్రతి మనిషికీ మొదటి అక్షరం వేరుగా ఉండేట్టు చూసుకుంటాను, పేరు పొడుగు కూడా వేరుగా ఉండాలి. ఒకడిది రెండక్షరాలు, ఇంకొకడిది ఐదు. అందరూ అయ్యలే అయితే చెవికి అంతా ఒకటే మోత.

ఒంటికన్ను, కొయ్యకాలు, నత్తి, గూని లాంటివి పిల్లల కథలో పేర్లుగా వద్దు. సోమవారం పొద్దున్నే స్కూల్ వ్యాన్‌లో కళ్ళజోడు పెట్టుకున్న పిల్లాడికి ఆ పేరు తగులుకుంటుంది. చూస్తూనే ఉన్నాం.

తిరువొత్తియూర్ తిమ్మడు
కొయ్యకాలు లేకుండా ఓడదొంగల కథా టీచర్? ఉప్పు లేని ఊరగాయ.

రాయపురం బోసన్
కాలు లేని మనిషి కథలో ఉండొచ్చు తిమ్మడూ, ఉండాలి కూడా. ఆ రోజుల్లో ఇంగ్లీషు నౌకాదళంలో వంటవాళ్ళుగా చాలామంది యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళే ఉండేవాళ్ళు, తాళ్ళు ఎక్కే పని చెయ్యలేరు కాబట్టి. టీచరమ్మ చెప్పేది పేరు గురించి. ఓడలో అందరికీ కాలు లేదని తెలుసు, దానికి పేరు పెట్టి పిలవడంలో కొత్తేముంది? వాడి వంట గురించి మాత్రం రోజుకి మూడు పూటలా గొడవ. పేరు అక్కణ్ణుంచి రావాలి.

వంటవాడికి నా పేరు: చప్పిడి సత్తెయ్య. ఏది వండినా ఉప్పు కషాయం, చారులో సగం సముద్రమే. అందుకని జనం చప్పిడి అని పిలుస్తారు. ఓడల మీద సగం పేర్లు ఇలా తలకిందులుగానే ఉంటాయి. నాతో పనిచేసినవాళ్ళలో అందరికంటే భారీ మనిషిని దోమ అని పిలిచేవాళ్ళం.

వేలచేరి వాణి
నమస్తే అండి. ఇక్కడ బోసన్ గారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అబ్బాయి పన్నెండో తరగతి అయిపోయింది, ఓడ మీద ఉద్యోగం అంటున్నాడు. జీపీ రేటింగ్ కోర్సు ఆరు నెలలు అని ఒకాయన చెప్పాడు. చేరితే మొదట ఏ పేరుతో తీసుకుంటారు, సరంగు అవ్వడానికి ఎన్నేళ్ళు పడుతుంది?

పెరంబూరు పద్మ
వాణిగారూ, ఇక్కడ ఓడ ఉద్యోగాల పేర్లు కాదండి, కథలో దొంగల పేర్లు :)

రాయపురం బోసన్
పర్లేదు పద్మగారూ, ఆవిడ టెన్షన్ ఆవిడది. వాణిగారూ, కోర్సు ఆరు నెలలే. డబ్బు కట్టే ముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌కి డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, ఏజెంటు చూపించిన కాగితం నమ్మకండి. ఓడ ఎక్కించాక మొదట ట్రైనీయే. సరంగు అన్న మాట ఇప్పుడు కాగితాల మీద బోసన్ అయిపోయింది. మిగతాది వేరే చర్చ పెట్టండి, అక్కడ రాస్తాను.

ఆవిడ అడిగిన మాటలోనే పద్మగారికి కావలసింది ఉంది. ఓడలో సరంగుని ఎవరూ పేరుతో పిలవరు, సరంగే. హోదాయే పేరు. ఇంగ్లీషు కథల్లో కెప్టెన్, ఫస్ట్ మేట్ అని రాసినట్టు మీరు రాయక్కర్లేదు, మన సముద్రానికి తన మాటలు తనకున్నాయి. అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో ఓడ మీద ఉండేవాళ్ళని పన్నెండు రకాలుగా చెప్పాడు. ఓడ నడిపించే పెద్ద నాఖుదా. దారి, లోతు, నక్షత్రాలు చూసేవాడు మాలిం. కళాసులకి పెద్ద తండేలు. సామాను గది భండారీ చేతిలో. లెక్కలు రాసేది కరాణీ, చుక్కాని పట్టేది సుఖానీ, స్తంభం పైన కూర్చుని నేలో ఓడో తుఫానో కనపడగానే అరిచేవాడు పంజరీ. లోపలికి చేరిన నీళ్ళు తోడి పోయడానికే ఒక రకం మనుషులు. ఫిరంగి దగ్గర ఒకడు. మీ కథ దీనికి వంద ఏళ్ళ తర్వాతది, ఈ మాటలు అప్పటికి ఇంకా నలిగి ఉంటాయి. అన్నీ వాడకండి, పిల్లలు పారిపోతారు. నాలుగు చాలు.

కోరంగి మనవడు
సరంగు పెద్దా, తండేలు పెద్దా? మా కాకినాడ వైపు పడవకి తండేలే పెద్ద. వేట ఎక్కడ వెయ్యాలో అతనే చెప్తాడు.

రాయపురం బోసన్
కాలాన్ని బట్టి, ఓడని బట్టి. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో లస్కర్లకి, అంటే మనవైపు కళాసులకి, సరంగు పెద్ద, తండేలు అతని కింద. అబుల్ ఫజల్ చెప్పినదాంట్లో కళాసుల పెద్ద తండేలే. చేపల పడవల్లో మీరన్నట్టు ఇప్పటికీ తండేలే. పద్మగారి ఓడ ఎవరిది అన్నదాన్ని బట్టి ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి, లేదా కథలో ఆ ఇద్దరూ ఇదే విషయం మీద రోజూ కొట్టుకోవచ్చు. నాకైతే రెండోది నచ్చింది.

మైలాపూర్ మూర్తి
కెప్టెన్‌కి పేరు నా దగ్గరుంది. ఎమ్డెన్! మద్రాసు పిల్లలకి ఇంతకంటే మంచిది దొరకదు. మా బామ్మ ఎవరైనా గడుసువాణ్ణి చూస్తే ‘వాడు ఎమ్డెన్ రా’ అనేది. సముద్రం మీంచి వచ్చి మద్రాసుని భయపెట్టిన ఓడ పేరు, ఇక్కడి తమిళంలో మాటగా నిలిచిపోయింది. హైకోర్టు గోడకి రాయి కూడా వేశారు.

టీనగర్ టీచరమ్మ
మూర్తిగారూ, ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు వేసింది 1914 సెప్టెంబరు 22న. కథ 1690ల్లో. రెండొందల ఏళ్ళు ముందే ఆ పేరు ఎలా వస్తుంది? పైగా మా క్లాసులో ఒక పిల్లాడున్నాడు, ఇలాంటివి పట్టేస్తాడు.

మైలాపూర్ మూర్తి
పిల్లలకి సంవత్సరాలు ఎవరు అడిగారు టీచరుగారూ, పేరు పేలుతుందా లేదా అన్నదే ముఖ్యం.

పెరంబూరు పద్మ
మూర్తిగారూ పేరు బాగుంది కానీ మా పిల్లల్లో కూడా అలాంటివాడు ఒకడున్నాడు. ఇంకో కథకి దాచుకుంటాను, మొదటి ప్రపంచయుద్ధం కథకి.

బోసన్ గారూ, మీరు చెప్పినట్టు ఒక్క మనిషి పేరు మొదట్నించీ కట్టి చూపిస్తారా? ఫిరంగివాణ్ణి తీసుకోండి, నాకు వాడే సమస్య.

రాయపురం బోసన్
సరే. ముందు వాడు ఇంట్లో ఏ పేరుతో పుట్టాడో చూద్దాం. బందరు దగ్గర పుట్టాడు, 1660, 70ల మనిషి. అలాంటివాడికి రాజేష్, సురేష్ ఉండవు, ఓబయ్య అనుకుందాం. ‘ఓ’ మీ జాబితాలో ఇంకెవరికీ లేదు, టీచరమ్మ లెక్క సరిపోయింది.

తర్వాత పని. ఫిరంగి పేల్చేవాడు ఓడలో సామాన్యుడు కాదు. బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే వెల్షువాడు, 1720 ప్రాంతపు పెద్ద దొంగ, తన ఓడలో దోపిడీ పంపకానికి కట్టుబాట్లు రాయించాడు. కెప్టెన్‌కీ క్వార్టర్‌మాస్టర్‌కీ రెండేసి వాటాలు. బోసన్‌కీ, ఫిరంగుల పెద్దకీ ఒకటిన్నర. మిగతా అధికారులకి ఒకటింబావు. మామూలు నావికుడికి ఒకటి. మీ ఓబయ్య తన వాటా ఒకటిన్నర అని ఊరంతా చెప్పుకు తిరిగే రకం. అప్పుడు కళాసులు ఏమంటారు? ఒకటిన్నర ఓబయ్య. ఇక్కడే ఆపేసినా మంచి పేరే, పిల్లలకి భిన్నాలు కూడా వస్తాయి. మీ కథ రాబర్ట్స్ కంటే ముందు కాలానిది కానీ ఇలాంటి వాటాల పద్ధతి అతనొక్కడిదే కాదు, ఇబ్బంది లేదు.

కానీ నేను ఇంకో మెట్టు వెళ్తాను. 1697లో విలియం కిడ్ అనే ఓడదొంగ కెప్టెన్ తన ఓడలో ఫిరంగివాడు విలియం మూర్‌తో గొడవపడి, ఇనప బద్దీల బాల్చీ ఎత్తి తల మీద కొట్టాడు. వాడు చచ్చిపోయాడు. 1701లో లండన్‌లో కిడ్‌ని ఉరి తీసినప్పుడు దోపిడీలతో పాటు ఆ హత్య కూడా లెక్కలోకి వచ్చింది. మీది పిల్లల కథ, చంపక్కర్లేదు. మీ కెప్టెన్ బాల్చీ విసిరితే గురి తప్పింది, ఓబయ్య వంగి తప్పించుకున్నాడు. ఆ రోజు నుంచి బాల్చీ కనపడితే చాలు వంగుతాడు. ఫిరంగి ముందు వణకనివాడు బాల్చీ చూసి వణుకుతాడు. ఇప్పుడు వాడి పేరు బాల్చీ ఓబయ్య, రెండు వారాలకి ఓబయ్య రాలిపోయి ఒట్టి బాల్చీ మిగులుతుంది. ఓడ మీద పేర్లు ఇలాగే అరుగుతాయి, ఎందుకంటే గాలిలో అరవాలి. రెండక్షరాలు, చివర దీర్ఘం. ‘బాల్చీ!’ అంటే ఓడ ఈ చివర నుంచి ఆ చివరకి వినపడుతుంది. ‘ఒంటికన్ను నరసయ్యా’ అని అరిచేలోపు ఓడ మునుగుతుంది.

తిరువొత్తియూర్ తిమ్మడు
ఓడకి చిల్లు పడిందనుకోండి. నాఖుదా ‘బాల్చీ! బాల్చీ!’ అని అరుస్తాడు. నీళ్ళు తోడేవాళ్ళు పరిగెత్తుకెళ్ళి ఓబయ్యని ఎత్తుకొస్తారు. హహహ. పద్మగారూ ఇది రాయకపోతే నేను రాసేస్తా.

పెరంబూరు పద్మ
నాది నాది, ముట్టుకోకండి!! వచ్చే ఆదివారం అదే.

రాయపురం బోసన్
కథలో బాగుంటుంది. నిజం ఓడలో అదే ప్రమాదం. సామాను పేరు, ఆజ్ఞలో వచ్చే మాట మనిషికి పెట్టకూడదు. నేను కొత్తగా చేరినప్పుడు ఒక కుర్రాడిని లంగర్ అని పిలిచేవాళ్ళు, ఎక్కడ కూర్చుంటే అక్కడే దిగబడిపోతాడని. ఒక రాత్రి ఎవరో వాణ్ణి పిలిచారు, ముందు భాగంలో ఉన్నవాళ్ళు లంగరు వదలమంటున్నారని బ్రేకు మీద చెయ్యి వేశారు. ఆ రోజే ఆ పేరు తీసేశారు. మీ మిగతా పేర్లు పెట్టాక ఒకసారి గట్టిగా అరిచి చూసుకోండి, తాడు, లంగరు, చాప, నీళ్ళు, ఎత్తు, దించు, వీటిలో దేన్నైనా పోలి ఉంటే దాన్ని కావాలని వాడండి, తెలియక మాత్రం వాడకండి.

అడయారు అనిల్
కాలికో సంగతి సరే, ఒప్పుకున్నా. చుక్కాని వాడికి ఒకటి చెప్తా, ఇందులో తప్పు పట్టండి చూద్దాం. పడమర పోలయ్య. ఎటు తిప్పమన్నా పడమరకే తిప్పుతాడు.

రాయపురం బోసన్
తప్పు లేదు, బ్రహ్మాండంగా ఉంది. మన తీరంలో పడమర అంటే నేల. ఓడ ఎప్పుడూ ఇసకలోకే పోతుంది. అదే కేరళ వైపు కథ అయితే పోలయ్య అరేబియాకి చేరతాడు, నవ్వు రాదు. ఈ పేరు ఈ తీరానికే పనికొస్తుంది.

ఒకటి జోడించండి. అప్పటికి మద్రాసులో హార్బర్ లేదు, ఓడలు దూరంగా లంగరు వేస్తే అలల మీంచి మసూలా పడవల్లో మనుషుల్నీ సరుకుల్నీ తెచ్చేవాళ్ళు. మేకులు లేకుండా పలకల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టిన పడవలు, అలకి తగిలితే విరక్కుండా వంగుతాయి. పోలయ్య తిన్నగా ఒడ్డుకి తోలితే మసూలా పడవలవాళ్ళ గిరాకీ పోతుంది, వాళ్ళ తిట్లు కూడా మీకు దొరుకుతాయి.

కోరంగి మనవడు
పైన ఎవరూ అనలేదు కానీ ముందే చెప్తున్నా, ఇలాంటి చర్చల్లో చివరికి అక్కడికే వస్తారు. మత్స్యకారుల ఇంటిపేర్లు తెచ్చి తమాషాకి పెట్టకండి. మాది ఆ కుటుంబమే. కోరంగిలో ఓడలు కట్టిన ఊరు మాది, 1839 తుఫానుకి కొట్టుకుపోయింది, అక్కణ్ణుంచి బర్మా వెళ్ళినవాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు. ఇంటిపేరు చెప్తే మాకు ఊరూ మనుషులూ గుర్తొస్తారు. అది దొంగకి పెట్టి నవ్వితే మా పిల్లలు ఆ టెర్రస్ మీద కూర్చుంటారా?

టీనగర్ టీచరమ్మ
ఇది నిజం. ఇంటిపేర్లు వద్దు. అప్పన్న, నూకరాజు, పైడిరాజు లాంటి పేర్లు అయితే అందరివీ.

తిరువొత్తియూర్ తిమ్మడు
అయితే ‘గాడు’ సంగతేంటి? అప్పిగాడు, నూకిగాడు. ఓడలో గారు అని ఎవడు పిలుస్తాడు?

కోరంగి మనవడు
కళాసులు వాళ్ళలో వాళ్ళు గాడు అనుకుంటే సరే. కథ చెప్పే గొంతు మాత్రం గాడు అనకూడదు. కథకురాలు కెప్టెన్‌ని దొర అనీ కళాసిని గాడు అనీ అంటే అది వేరే కథ అవుతుంది.

తిరువొత్తియూర్ తిమ్మడు
మా ఊళ్ళో మా నాన్నని కూడా వాళ్ళ ఫ్రెండ్స్ గాడు అనే అంటారు, ప్రేమగా. మీరు మరీ పట్టించుకుంటున్నారు.

పెరంబూరు పద్మ
మాటల్లో గాడు ఉంచుతాను, నా వాక్యాల్లో తీసేస్తాను. ప్రస్తుతానికి.

చిన్న పిల్లాడు, పైన కాపలావాడు, పరదేశి, ఈ ముగ్గురూ, కెప్టెనూ మిగిలారు.

టీనగర్ టీచరమ్మ
పిల్లాడూ పరదేశీ ఒకడే అవ్వొచ్చుగా. పోర్చుగీసువాళ్ళని తెలుగులో బుడతకీచులు అనేవాళ్ళు. శాంతోమ్‌లో ఓడెక్కిన ఒక పోర్చుగీసు కుర్రాడు, పేరు పెద్రో. కళాసులు పెద్రయ్య అంటారు మొదట, చిన్నపిల్లాడికి పెద్రయ్యేమిటని బుడతకీచు అంటారు, తర్వాత ఒట్టి బుడతడు. పిల్లలు వాణ్ణి వదలరు చూడు.

మైలాపూర్ మూర్తి
ఆహా! టీచరుగారూ, ఎమ్డెన్ పోయినందుకు బాధ లేదు.

రాయపురం బోసన్
చక్కగా ఉంది. ఇంకో పరదేశి కావాలంటే బందరులోనే వెతకండి. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని పేటలున్నాయి అక్కడ, డచ్చివాళ్ళు వలందాలు, ఫ్రెంచివాళ్ళు పరాసులు. పులికాట్‌లో వలందాల కోట 1613 నుంచీ ఉంది, అక్కణ్ణుంచి పారిపోయి వచ్చిన ఒక డచ్చి సిపాయికి వలందా యోహాను అని పేరు పెట్టొచ్చు. అయితే జాగ్రత్త, పరదేశి కదా అని వాడి తెలుగుని వెక్కిరించే పేరు పెట్టకండి, పనిని చూసి పెట్టండి. ఓడ మీద అందరి భాషా విరిగే ఉంటుంది. తెలుగు, తమిళం, పోర్చుగీసు ముక్కలు, హిందుస్తానీ అన్నీ కలిపి ఒక వాక్యం.

పైన కూర్చునేవాడు పంజరీ అని చెప్పాను. పిల్లలకి పంజరం వినపడుతుంది, వినపడనివ్వండి. వాడి అసలు పేరు పిచ్చయ్య. పంజరంలో పిచ్చయ్య కాస్తా పిచ్చుక అవుతాడు. వాడికి తొందరెక్కువ, మబ్బు కనపడినా ఓడే అని అరుస్తాడు.

అడయారు అనిల్
కెప్టెన్ మాత్రం భయంకరంగా ఉండాలి. మిగతా అందరూ కామెడీ అయితే కథలో దొంగతనం ఎవడు చేస్తాడు? రుధిర భైరవుడు.

తిరువొత్తియూర్ తిమ్మడు
రుధిర భైరవుడు చారు బాగోలేదని అరుస్తుంటే ఎలా ఉంటుందో ఊహించండి అనిల్ గారూ.

రాయపురం బోసన్
స్టీడ్ బోనెట్ అని ఒకడున్నాడు, బార్బడోస్‌లో తోటలున్న ఆసామి. 1717లో ఉన్నట్టుండి ఓడదొంగ అవుదామనుకుని సొంత డబ్బుతో ఓడ తయారు చేయించుకున్నాడు. దొంగల ఓడల్లో దోచినదాంట్లో వాటాలే ఉంటాయి కదా, ఈయన మాత్రం తన మనుషులకి జీతాలు ఇచ్చాడు. సముద్రం పని ఏమీ తెలీదు. మరుసటి ఏడాదే ఉరి తీశారు. ఉరి వదిలేసి మిగతాది తీసుకోండి. మీ నాఖుదా బందరు బట్టల వ్యాపారి, విసుగొచ్చి ఓడదొంగ అయ్యాడు, ఒకటో తారీకు రాగానే కరాణీని కూర్చోబెట్టి జీతాలు పంచుతాడు. కళాసులు ఎదురుగా నాఖుదా అంటారు, వెనక నెలజీతం దొర అంటారు. కెప్టెన్ పేరు ఎప్పుడూ రెండుగా ఉండాలి, ఎదుటిది ఒకటి, వెనకది ఒకటి. వెనకది ఆయన చెవిన పడే రోజు మీకు ఒక అధ్యాయం.

అడయారు అనిల్
జీతం ఇస్తే ఓబయ్య ఒకటిన్నర వాటా ఏమైనట్టు? రెండూ ఒకే ఓడలో కుదరవు.

టీనగర్ టీచరమ్మ
ఇది మంచి ప్రశ్న.

రాయపురం బోసన్
అవును, కుదరవు. లేదా అదే గొడవ. వాటా కావాలని ఓబయ్య, జీతమే ఇస్తానని దొర. ఆ గొడవలోనే బాల్చీ ఎగిరింది. పద్మగారూ, మీరే తేల్చుకోవాలి.

అడయారు అనిల్
అయినా నెలజీతం దొరకి నేను ఒప్పుకోను. పిల్లలకి ఒక్కసారైనా భయం వెయ్యాలి.

పెరంబూరు పద్మ
భయం కోసం వేరే ఓడ పెడతాను అనిల్ గారూ, వెంటపడే ఓడ. దాని కెప్టెన్‌కి ఇప్పటికి పేరు లేదు, కావాలనే. పేరు చెప్పడానికి ఎవరూ నోరు తెరవరు. మీ భైరవుణ్ణి అప్పటిదాకా దాచండి.

తిట్లు ఎవరూ ఇవ్వలేదు.

తిరువొత్తియూర్ తిమ్మడు
తిట్లు నా డిపార్టుమెంటు. నీ లంగరు తెగ. నీ తెరచాప చిరగ. నీ చుక్కాని విరిగి చేపల బుట్టలో పడ. ఎండు కవళ్ళ మొహమా. నాచు పట్టిన బుర్ర. అలకి ఎదురెళ్ళే ఆబోతా. కొత్తవాణ్ణి తిట్టడానికి మంచినీళ్ళ మనిషి. అన్నిటికంటే పెద్ద తిట్టు: చప్పిడి చేతి చారు తాగ.

కోరంగి మనవడు
చివరిది మా ఇంట్లో వాడేస్తున్నా.

పెరంబూరు పద్మ
నిన్న రాత్రి కొంచెం రాశాను, ఇలా ఉంది, చూసి చెప్పండి:

‘ఓడ! ఓడ!’ అని పైనుంచి పిచ్చుక అరిచాడు. ‘నిన్న కూడా ఓడే అన్నావు, మబ్బు వచ్చింది’ అన్నాడు తండేలు. ‘తండేలుకి చెప్తావేంట్రా, నాకు చెప్పు’ అన్నాడు సరంగు. వీళ్ళిద్దరూ ఎవరికి చెప్పాలో తేల్చుకునేలోపు పోలయ్య చుక్కాని తిప్పేశాడు, పడమరకి. చప్పిడి కుండలన్నీ దొర్లాయి. చారంతా ఓడలో పారింది. బుడతడు ఒక చుక్క నాకి, సముద్రం లోపలికి వచ్చేసిందనుకుని కేక పెట్టాడు: ‘బాల్చీ! బాల్చీ!’ ఓబయ్య వంగాడు.

టీనగర్ టీచరమ్మ
బాగుంది పద్మా. పిచ్చుక, పోలయ్య రెండూ ‘ప’తో ఉన్నాయి, ఒక్కసారి గట్టిగా చదివి చూసుకో. పోలయ్యని ఎల్లయ్య చేద్దామంటే పడమర పోలయ్యలో ఉన్న ఊపు పోతుంది. పిచ్చుకనే మార్చు.

రాయపురం బోసన్
పిచ్చుకని మార్చకండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, చెవికి తేడా తెలుస్తుంది. మీరు మార్చాల్సింది వేరే ఉంది. పిచ్చుక ఒట్టి ‘ఓడ’ అని అరిస్తే కింద ఎవడికీ ఉపయోగం లేదు, ఏ వైపో చెప్పాలి. ‘కుడి ముందు ఓడ’ అనమనండి. వాడు తప్పు వైపు చెప్తే ఇంకా మంచిది.

వేలచేరి వాణి
బోసన్ గారూ, మీరు చెప్పిన వెబ్‌సైట్‌లో ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు లేదండి. వేరే చర్చ పెట్టాను, వీలైతే చూడండి.

రాయపురం బోసన్
చూశాను వాణిగారూ. డబ్బు కట్టకండి. అక్కడే వివరంగా రాస్తున్నా.